అరవడం రాని గది

నడి మధ్యాహ్నం కరెంటు హెచ్చుతగ్గులై ఆ హోటల్లో రెండు గదుల ఏసీలు ఒకేసారి మూలపడ్డాయి. రెండింటి జబ్బూ ఒకటే, గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు. మెయింటెనెన్స్ బాబాయ్ బయటి యూనిట్లు విప్పి చూసి, కంప్రెసర్ తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్లు పోయాయని తేల్చాడు. స్టోర్లో ఆ సైజుది ఒక్కటే ఉంది. షాపులకు సెలవు. లాబీ ఏసీది పీకి పెడదామంటే సైజు సరిపోదు. గది మారుద్దామంటే ఒక్కటీ ఖాళీ లేదు. కష్టాలన్నీ కూడబలుక్కుని వస్తాయేమో మరి.

ఏ గది ముందో రిపేరుకి రాసిచ్చే వర్క్ ఆర్డర్ కాగితమే చెప్పాలి. రిసెప్షన్ అమ్మాయి మూడో అంతస్తు గదికి ఇలా రాసింది: "ప్రాధాన్యం: అత్యవసరం. గెస్ట్‌కి ఇబ్బంది: పొట్ట ఆపరేషనై పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చిన పేషెంటు. చెమటకు కట్టు తడవకూడదని డాక్టరు చెప్పారు." రెండో అంతస్తుకి "మామూలు, ఉక్కపోత" అని రాసి ఊరుకుంది. ఆ ఉక్కపోత ఆసామి మాత్రం ఊరుకోలేదు. కౌంటర్ మీద గుద్ది, హోటల్ పరువు నెట్లో కడిగేస్తానని నానా యాగీ చేసి వెళ్ళాడు.

మేనేజర్ రెండు ఆర్డర్లూ చూసి, మూడో అంతస్తువాళ్ళు ఒక్క మాటా అనలేదుగా, ఇదంతా నీ కవిత్వమా అన్నాడు. ఆ మహానుభావుడి లెక్కలో నోరున్నవాడికే ఉక్కపోస్తుంది.

అమ్మాయి పరుగున పైకెళ్ళింది. పేషెంటు భార్య తువ్వాలుతో మొగుడికి విసురుతోంది.

"అక్కా, ఒక్కసారి కిందికొచ్చి గట్టిగా అరవండి. అరిస్తేనే ఇక్కడ పని జరుగుతుంది."

ఆవిడ జన్మలో ఎవరిమీదా గొంతు లేపిన మనిషిలా లేదు. అయినా వచ్చింది. లిఫ్టులో "మాకిప్పుడే ఏసీ కావాలి" అని రెండుసార్లు గొణుక్కుంది కూడా. అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది.

మేనేజర్ లేచి నిలబడి, కుర్చీ జరిపి, కూర్చోండమ్మా, ఏమైనా ఇబ్బందా అని తేనెలో ముంచి అడిగాడు. అంతే, ఆవిడ నీరుగారిపోయింది.

"అబ్బే, అంత ఇబ్బందేం లేదండీ. మీకు వీలున్నప్పుడే చూడండి."

కుట్లున్న మనిషి సార్ అని అమ్మాయి అడ్డుపడింది. ఆవిడే లేదంటుంటే మధ్యలో నీకెందుకు అన్నాడాయన. అమ్మాయి చూస్తుండగానే అత్యవసరం కొట్టేసి "మామూలు" అని, దాని కింద "గెస్ట్ సర్దుకున్నారు" అని రాశాడు.

బాబాయ్ ఆ కాగితం చదివి, అమ్మాయి మొహం చూడలేక తల దించుకుని, కెపాసిటర్ పట్టుకుని రెండో అంతస్తుకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆ గది చల్లబడింది. ఆసామి మళ్ళీ కిందికి దిగలేదు, థాంక్స్ చెప్పడానికైనా.

అమ్మాయికి ముందు మేనేజర్ మీద ఒళ్ళు మండింది, తర్వాత ఆవిడ మీద కూడా మండింది. ఆ కోపం పూర్తిగా చల్లారకముందే ఆవిడ మళ్ళీ కౌంటర్ దగ్గరికొచ్చి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడిగింది.

"ఇంకో తువ్వాలుంటే ఇస్తావా అమ్మా? కట్టు తడిసిపోయింది. తొందరేం లేదులే."