వదిన సూది వేళ

విమానం ఎక్కకముందే వదిన చేసిన పని ఆడపడుచు కంట పడింది. ఎయిర్‌పోర్టు బాత్రూమ్‌లోంచి బయటికొస్తూ వదిన ఇన్సులిన్ పెన్నును హ్యాండ్‌బ్యాగ్ అడుగున దాస్తోంది. అది భోజనానికి వేసుకునే మందు. ఒంట్లోకి వెళ్ళిందంటే పావుగంటకల్లా షుగర్ దించడం మొదలెడుతుంది, కడుపులో తిండి ఉందో లేదో దానికి అనవసరం.

"ప్లేటు ముందుకొచ్చాక వేసుకోవాలి కదా వదినా."

"పక్క సీట్లో కాబోయే వియ్యపురాలు. ఆవిడ ముందు పొట్ట గుచ్చుకోమంటావా? ఇంట్లో అయితే ఇది భోజనం వేళే. నువ్వు నోరు మెదపకు."

మెదపొద్దంది కదా, ఆమె మెదపలేదు.

ఆడపడుచుకు సూదమ్మ అని పేరు పెట్టింది ఈ మహాతల్లి వదినే. చిన్నతనం నుంచీ ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి ఈమె. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు వదిన నవ్వుతూ, "సూది గుచ్చుకుంటే గానీ పూట గడవని పిల్ల, ఇంకో ఇంటికి ఏం పనికొస్తుంది లెండి" అంది. వచ్చినతను ఈమెకు నచ్చాడు. వాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ రోజు రగిలిన కడుపుమంట ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

ఇప్పుడు వదినకే షుగర్. మాత్రలు చాలక డాక్టరు రెండు పెన్నులు ఇచ్చాడు, ఒకటి తిండికి, ఇంకోటి రోజంతా నెమ్మదిగా పనిచేసేది. తల్లికి ఉందని తెలిస్తే పిల్లనూ అనుమానిస్తారని, కూతురి పెళ్ళయ్యేదాకా దాచమంది వదిన. పెళ్ళి సముద్రం అవతల, కూతురు ఉద్యోగం చేసే ఊళ్ళో. సూదుల సంగతి తెలిసిన మనిషి తోడుంటే మంచిదని సూదమ్మను వెంట తెచ్చుకుంది. అవసరమొస్తే ఎంత ప్రేమో!

కిటికీ దగ్గర వియ్యపురాలు, మధ్యలో వదిన, ఇవతల సూదమ్మ. విమానం పైకి లేచీ లేవకముందే కుదుపులు మొదలయ్యాయి. కుదుపులు తగ్గాకే భోజనాలని పైలట్ ప్రకటించాడు. వదిన పెదవి మీద చెమట పట్టింది. గ్లూకోజ్ బిళ్ళలు సూదమ్మ గుప్పిట్లోనే ఉన్నాయి. అనుభవించు, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన నోటితోనే అడుగు, ఇస్తాను అనుకుంది. ఆ అనుకోవడం ఎంత హాయిగా ఉందో ఎవరికీ చెప్పుకోలేదు.

వదిన అడగలేదు. వణికే వేళ్ళతో బెల్టు విప్పబోయింది, చేతకాలేదు. పక్కనున్నది ఎవరో తెలియనట్టు చూసి, ముద్దముద్దగా ఏదో అంది. ఆ చూపు వెనక ఎంత చీకటి ఉంటుందో సూదమ్మకు తెలుసు. తనూ ఆ చీకట్లో పడి లేచిన మనిషే. పగ పగే, కానీ ప్రాణం పోతుంటే చూస్తూ కూర్చునేంత పాపిష్టిది కాదు. నాలుగు బిళ్ళలు నోట్లో పెట్టి నమిలించింది, వదిన వేలు గుచ్చి మీటరులో షుగర్ చూసింది. యాభై రెండే. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే ఎనభై దాటింది. ఈలోపు భోజనం వచ్చింది.

"ఏమైంది ఈవిడకి?" అంది వియ్యపురాలు.

"ఖాళీ కడుపు కదండీ, కళ్ళు తిరిగాయి" అంది సూదమ్మ. వదిన హ్యాండ్‌బ్యాగ్ మాత్రం తన ఒళ్ళో పెట్టుకుంది.

పడమటికి పోయే విమానం. గంటలు గడిచినా బయట ఎండ పోలేదు. సూదమ్మ తన గడియారం చూసుకుంది. దాని ముళ్ళు ఆమె తిప్పలేదు, అది ఇంటి వేళే చూపిస్తోంది.

"వదినా, రెండో సూది వేళయింది."

వదిన కిటికీ వైపు ఓరగా చూసింది. "దిగాక, రాత్రికి వేసుకుంటాలే" అంది గొంతు తగ్గించి.

"అక్కడ రాత్రయ్యేసరికి ఎనిమిది గంటలు ఆలస్యం. నీ ఒంటికి ఇంకా ఇంటి గడియారమే తెలుసు. ఇవాళ్టికి ఆ వేళకే వేసుకో, దిగాక డాక్టరు చెప్పినట్టు మెల్లగా జరుపుకోవచ్చు. లేదంటే పెళ్ళి పీటల దగ్గరికి షుగర్ నెత్తికెక్కించుకుని వెళ్తావు."

"అయితే బాత్రూమ్‌కి పోయొస్తా. కాళ్ళు జరుపు."

సూదమ్మ కాళ్ళు జరపలేదు. మళ్ళీ వేలు గుచ్చి చూసింది, నూట అరవై. బ్యాగ్‌లోంచి రెండో పెన్ను తీసి ముందున్న బల్ల మీద పెట్టింది.

"ఇక్కడే వేసుకో. దాచబోయి ఇందాకే చావు దాకా వెళ్ళొచ్చావు."

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీర కొంగు పక్కకు జరిపి వేసుకుంది. వియ్యపురాలు చదువుతున్న పత్రిక మూసేసింది.

"మీకు ఇన్సులినా? మాకు చెప్పలేదే."

వదిన ఆడపడుచు వంక చూసింది. ఆదుకోమని అడిగే చూపు. సూదమ్మ నింపాదిగా వెనక్కి వాలింది.

"చెప్పు వదినా. సూదులు గుచ్చుకునేవాళ్ళ సంగతి నీకు బాగా తెలుసు కదా."

వదిన వియ్యపురాలి వైపు తిరిగింది. "దాందేముందండీ. వేళ తప్పకుండా వేసుకుంటే అందరిలాగే బతుకుతాం. మా ఆడపడుచు చిన్నప్పట్నుంచీ వేసుకుంటోంది. తనకేం తక్కువ? ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటికి వెలుగయ్యేది."

చివరి మాట గొణిగినట్టు అంది. వియ్యపురాలు ఏమనుకుందో సూదమ్మ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. వదిన చెవి దగ్గరికి వంగింది.

"ఇంజన్ మోతలో సరిగ్గా వినపడలేదు వదినా. ఇంకోసారి చెప్పు."