పదిహేడో దినం టెస్టు

నలభై ఒక్క పచ్చ టిక్కులు, ఒకే ఒక్క ఎర్ర ఇంటూ. కృత్తిక కళ్లకు ఆ నలభై ఒకటీ ఆనడం లేదు. పొద్దున్న పదిన్నర నుంచి ఆ ఒక్క ఇంటూ ఆమె ప్రాణం తోడేస్తోంది.

పోదనూరు రైల్వే కాలనీ వెనక సందులో మేడమీద రెండు గదుల ఆఫీసు ఆమెది. పొలంలో మోటారును ఫోను నుంచే వేసి ఆపే పెట్టె చేస్తారు. పెట్టె సంగతి గోకులకృష్ణన్ చూస్తాడు, ఆయనే యజమాని. దాన్ని నడిపే ప్రోగ్రాం కృత్తిక రాస్తుంది. ఉమ్మడి బావి ఉన్నచోట ఎవరి వంతు (అక్కడి తమిళం కలిసిన తెలుగులో మురై) ఎప్పుడో లెక్క తప్పకుండా చూసే భాగం ఈ నెలే కొత్తగా రాసింది, అది సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించే నలభై రెండు టెస్టులతో సహా. మధ్యాహ్నం మూడింటికి అది మొదటిసారి నిజం బావి మీద నడవాలి. ఆ నిజం బావి ఎవరిదో కాదు, వాడిపట్టి దగ్గర ఆమె మేనమామ అళగిరిసామిది. మామతోపాటు రక్కమ్మాళ్‌కూ, కరుప్పయ్యకూ అందులో వాటా ఉంది.

నడివేసవి. రాత్రంతా ఊరిన నీళ్లు మొదటి వంతువాళ్లకు నిండుగా అందుతాయి, రెండో వంతుకు సగం. మూడో వంతు కరుప్పయ్యది. ఆయనవి కొబ్బరిచెట్లు కాబట్టి అడుగు నీళ్లతో సరిపెట్టుకుంటాడు. నిన్న బిగించిన పెట్టె ఈరోజు మొదలవుతుందని పొద్దుటి నుంచి మోటారు ఎవరూ వేయలేదు. ముగ్గురి దగ్గరా ఉన్న మోటారు రూము తాళంచెవులు మూడు గంటలకు తీసేసుకుంటారు. ఆ తర్వాత ఎవరి వంతు ఎప్పుడో పెట్టె చెప్పిందే చట్టం.

తాళంచెవి ఇవ్వడానికి రక్కమ్మాళ్ ఒకే ఒక్క షరతు పెట్టింది. మొదటి వంతు ఇంట్లో చావు జరిగితే పదహారు రోజులు ఆ ఇల్లు రెండో వంతుకు దిగుతుంది, రెండో వంతువాళ్లు మొదట పారించుకుంటారు. అది ఆ బావి కట్టుబాటు. "పదారు దినాలే పిల్లా. పదిహేడో దినం మళ్లీ ఎప్పట్లాగే. అది మిషన్‌లో రాసినావా?" అని ఆమె వారంలో నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగోసారి కృత్తికకు విసుగొచ్చింది. "రాసినాను అత్తా, టెస్టు కూడా పెట్టినాను, నా మీద నమ్మకం లేదా?" అని మాట కూడా ఇచ్చేసింది.

ఇప్పుడు ఎర్రగా మొహం మాడ్చుకుని కూర్చున్నది సరిగ్గా ఆ టెస్టే. పదిహేడో రోజు వరుస అడిగితే మొదటి ఇల్లు మొదట రావాలి. రెండో ఇల్లు మొదట వస్తోంది.

పోనీ తప్పు ఉందంటే ఉందని ఒప్పుకుని చావదు. ఎడిటర్ పక్కన టెస్టుల జాబితాలో దాని పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కి ఒంటరిగా నడిపితే పచ్చ. పైనున్న బాణం నొక్కి అన్నిటితో కలిపి నడిపితే ఎరుపు. ఒంటరిగా పిలిచి అడిగితే రాముడు మంచి బాలుడు, పదిమందిలో పోకిరీ. దాని మీద కుడి బటన్ నొక్కి డీబగ్ పెట్టింది. టెస్టు మొదటి లైను దగ్గర ఎర్ర చుక్క పెట్టి ఆపి, ఒక్కో లైనూ నడిపిస్తూ ఎడమవైపు విలువలన్నీ చూసింది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు, అన్నీ దేవుడి పటాల్లా వరుసగా ఉన్నాయి. టెస్టు పాసైంది. మళ్లీ అన్నీ నడిపితే మళ్లీ ఎరుపు. ఎడిటర్ మూసి తెరిచింది. లాప్‌టాప్ ఆపి వేసింది. వరుస మార్చే ప్రోగ్రాం ముక్కను, ఆ ఫంక్షనును రాసిన తననూ, ఫంక్షన్లను కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టుకుంది. ఎరుపు ఎరుపే.

పన్నెండున్నరకు గోకులకృష్ణన్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఎన్నా కృత్తికా, అది వేసేస్తే పచ్చగానే ఉండాదే?"

"ఒంటిగా వేస్తే పచ్చ అన్నా. అన్నీ వేస్తే ఎరుపు."

"అప్పుడు కోడు సరిగానే ఉండాది, టెస్టుకే పైత్యం. స్కిప్ పెట్టేయ్, దాన్ని దాటుకొని పోతుంది. సీక్రం. చావు దినానికి నీళ్ల లెక్క, ఏడాదికి ఒకసారి వచ్చే సంగతి అది."

"ఒకసారి వచ్చినా రక్కమ్మత్త మురై పోతే ఏం చేసేది అన్నా? తాళంచెవి కూడా మనమే తీసుకుంటా ఉండాము."

"మూడు గంటలకు వాళ్లంతా ఎండలో నిలబడి ఉంటారు, తెలిసిందా? నీ మామే నన్ను తిట్టేది!" అని ఆయన వేడెక్కి వెళ్లిపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు టెస్టు మీద నెట్టేయడం తేలికే. ఆమె ఆ టెస్టు పైన స్కిప్ అని సగం టైపు చేసింది కూడా. చేసి, తన మీద తనకే ఒళ్లు మండి చెరిపేసింది. ఇచ్చిన మాట తనది, గోకులన్నది కాదు.

తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత కూడా తీయలేదు. రెండవుతుండగా బుర్రకు తట్టింది, తట్టగానే నుదురు కొట్టుకుంది. డీబగ్ పెట్టిన ప్రతిసారీ తను ఆ ఒక్క టెస్టునే నడుపుతోంది. దానికి ముందు నడిచే టెస్టులు అప్పుడు నడవనే లేదు. పోకిరీవేషాలు పదిమందిలో వేసేవాణ్ణి ఒంటరిగా గదిలో పెట్టి ఎంతసేపు చూస్తే ఏం తెలుస్తుంది?

ఈసారి టెస్టు మొదటి లైను దగ్గర చుక్క అలాగే ఉంచి, అన్నిటినీ కలిపి డీబగ్ నొక్కింది. ముందున్న టెస్టులు గబగబా పచ్చబడుతూ వచ్చి, చుక్క దగ్గర బండి ఆగింది. టెస్టు ఇంకా ఒక్క లైనైనా నడవలేదు. విలువలు చూస్తే రెండో ఇల్లు అప్పటికే మొదట కూర్చుని ఉంది. అంటే తప్పు ఈ టెస్టులో జరగలేదు. ఎవరో ముందే చేసి పోయారు.

ఇక వరుస మార్చే ఫంక్షనులోనే చుక్క పెట్టి మళ్లీ మొదటి నుంచి నడిపింది. ఆగింది. ఎవరు పిలిచారా అని చూస్తే పైనున్న ఇంకో టెస్టు, 'చావైన మూడో రోజు' టెస్టు. ఒక్కో లైనూ దాటించింది. మొదటి ఇంటి పేరు జాబితాలోంచి తీశారు, రెండో స్థానంలో పెట్టారు. సరిగ్గా కట్టుబాటు ప్రకారమే. కానీ మారింది నకలు కాదు, ఫైలు పైన అన్ని టెస్టులకూ కలిపి రాసుకున్న అసలు జాబితానే! ఆ టెస్టు తన పని తను చేసుకుని, పచ్చ టిక్కు వేయించుకుని, దర్జాగా పోయింది. మారిన వరుసను మళ్లీ యథాస్థానంలో పెట్టినవాళ్లు లేరు. తర్వాత వచ్చిన పదిహేడో రోజు టెస్టు ఆ మారిన వరుసనే చూసింది.

నిజం బావిని నడిపే సర్వరులోనూ జరిగేది ఇదే. బావి జాబితా ఒకసారి మెమరీలోకి వచ్చిందంటే అదే నడుస్తూ ఉంటుంది. ఎవరింట్లోనో చావైన రోజున మారితే, పదహారు రోజులు గడిచినా ఆ ఇల్లు కిందనే ఉండిపోతుంది. స్కిప్ పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుని కృత్తికకు భయమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపం పూర్తిగా తన మీదే, ఎందుకంటే ఆ ఫంక్షను రాసింది తనే.

మరమ్మతు ఒక్క లైను. ముందు జాబితాకు నకలు తీసుకో, మార్చేదేదో నకలులో మార్చుకో. ఐదు గంటలు కొండను తవ్వితే దొరికిన ఎలుక అది. పదహారు రోజులనూ వరసగా నడిపి పదిహేడో రోజు అడిగే టెస్టు ఇంకొకటి చేర్చింది. అన్నీ కలిపి నడిపింది. నలభై మూడూ పచ్చ. అప్పటికి మూడు ముప్పావు. మామ ఫోను ఏడుసార్లు మోగి ఆగింది.

వీడియో కాల్‌లో మోటారు రూము గుమ్మం, మామ మొహం కనిపించాయి. మామ మొహం చింతపండులా ఉంది. వెనక గోడ నీడలో రక్కమ్మాళ్, కరుప్పయ్య కూర్చుని ఉన్నారు.

"ఏం పిల్లా, బాయి నిండా నీళ్లు పెట్టుకొని మూడు ఇండ్లవాళ్లమూ కాచుకొని ఉండాము. ఏమి కిళిచ్చినావు, ఏమి చించినావు ఇంతసేపు?"

కృత్తిక కూడా విసిగి ఉంది. "ఒక తప్పు ఉండింది మామా. ఇంట్లో చావైతే ఆ ఇంటిని కిందికి దించుతుంది గదా? దించి, పదిహేడో దినం మళ్లీ పైకి ఎక్కించలేదు. మరిచిపోయింది. ఒకసారి దిగితే దిగినట్టే. ఎవురూ చూసుకోకపోతే ఏండ్లు అయినా అట్లనే ఉండిపోయేది. దాన్ని పట్టేదానికే ఇంతసేపు."

కరుప్పయ్య నేల చూపులు చూస్తున్నాడు.

"మిషన్ మాత్రమే మరిచిపోయిందా?" అంది రక్కమ్మాళ్ మెల్లగా.

"ఏమత్తా?"

"మా ఇంటాయన పోయి ఆరేండ్లు. అప్పుడు మొదటి మురై మాది. కర్మకారియం అయ్యేదాకా మీ మామ మొదట పారించుకొనె, సరి, అది కట్టుబాటే. పదారో దినం అయ్యింది. పదిహేడో దినం మాత్రం ఇంకా రాలే."

కృత్తిక ముందున్న తెరలో బావి జాబితా తెరిచి ఉంది. అళగిరిసామి, రక్కమ్మాళ్, కరుప్పయ్య. రెండు వారాల కిందట మామ ఫోనులో చెబుతుంటే తనే టైపు చేసింది. నలభై మూడు టెస్టుల్లో ఒక్కటీ ఆ వరుసను తప్పనలేదు. ఎలా అంటుంది? ఇచ్చిన వరుస నిలుస్తోందా లేదా అనే అవి చూస్తాయి, ఆ వరుస ఎక్కణ్ణించి వచ్చిందో అడగవు. నాలుగుసార్లు ఫోను చేసిన మనిషిని తను విసుక్కుంది.

"అప్పుడే అడిగి ఉండొచ్చు గదా!" అని మామ లేచాడు. "ఒక మాట అడిగినావా నువ్వు? కరుప్పయ్యా, అడిగిందా?"

"తాళి తీసినదాన్ని, మీ వాకిటికి వచ్చి నీళ్లు అడిగేదా?" అంది రక్కమ్మాళ్. గొంతు పెంచలేదు. "మీకు తెలీదా అన్నా, ఏ మురై ఎవురిదని?"

మళ్లీ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డ గోకులకృష్ణన్ కృత్తిక చెవి దగ్గరకు వంగాడు. "వాళ్ల ఇంటి గొడవ మనకు వద్దు. ఇచ్చిన లిస్టు ఉండాది, ఆన్ చేసేయ్."

మోటారు వేసే బటన్ మీద ఆమె వేలు ఉంది. నొక్కితే మామ చేలోకి నీళ్లు పోతాయి, రేపూ, ఎల్లుండీ, ఏ తగవుకూ తావులేకుండా. నొక్కలేదు.

"మామా, తప్పు లిస్టు మీద నేను ఆన్ చెయ్యను. ఏ వరుసన రాయాల్నో నువ్వే చెప్పు."

మామ తల పక్కకు తిప్పుకున్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు, ఇంకోసారి తుడుచుకున్నాడు. కోపమే అయి ఉంటే ఈపాటికి ఫోను పెట్టేసేవాడని కృత్తికకు తెలుసు.

"మొదట రక్కమ్మాళ్" అన్నాడు చివరికి, గోడతో చెబుతున్నట్టు. "రెండు నేను. రాసుకో."

"ఎప్పటి నుంచి మామా?"

"ఎప్పటి నుంచేమి? ఇప్పటి నుంచే! బాయి నిండుగా ఉండాది గదా."

ఆమె పేర్లు మార్చి బటన్ నొక్కింది. అక్కడ మోటారు గుయ్యిమంది. రక్కమ్మాళ్ లేచేలోపే మామ గోడకు ఆనించిన పార భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఆమె చేను వైపు మడవ తిప్పడానికి కాలువ గట్టు వెంట వెళ్లాడు.