అమ్మల పండుగ ముందటి శనివారం

ఆ గురువారం ఇంట్లో మా పెద్దమ్మ జునిల్దా, తలలు కడిగే మిరెలిస్, డ్రయ్యరు కింద రోలర్లతో కూర్చున్న ఒక టీచరమ్మ, నేను ఉన్నాం. ముందుగదే మా సెలూన్. మా దగ్గరే రోలర్లు చుట్టే పని చేసే యోకాస్తా తెల్లబట్టల్లో లోపలికి వచ్చింది. ఆమె తల్లిని పూడ్చి వారం కూడా కాలేదు.

"అక్కా, శనివారం మా ఊళ్ళో అమ్మ తొమ్మిదో రోజు ప్రార్థన, అదే ఆఖరిది. నేను రాలేను."

పెద్దమ్మ దువ్వెన దించలేదు. "చావుకు మూడు రోజులు సెలవిచ్చాను కదా."

"అవి సమాధికే సరిపోయాయి."

పెద్దమ్మ అద్దం పక్కన అంటించిన కాగితం చూపించింది. శనివారం సెలవు వంతులవారీగా ఒక్కరికే. అమ్మల పండుగ ముందటి శనివారం మాత్రం రద్దీ కాబట్టి ఎవరికీ లేదు. పెద్దమ్మ చెబుతుంటే నేనే రాశాను, అందరూ సంతకం పెట్టారు. తొమ్మిదో రోజు మాట మాలో ఒక్కరికీ తట్టలేదు.

"దాని వంతు తలలు నేను చూసుకుంటాలే," అంది మిరెలిస్.

"నీకు చేతులు రెండే కదే. తడిజుట్టుతో కూర్చోబెడితే లేచి ఎదురు సెలూన్‌కి పోతారు, మళ్ళీ రారు. ఈసారి ఒకరిని వదిలితే వచ్చేసారి ముగ్గురికి జ్వరమొస్తుంది."

"నాకైతే ఇప్పుడే వస్తోంది," అని మిరెలిస్ గొణిగింది.

నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. అయినా అన్నాను: "పెద్దమ్మా, యోకాస్తక్కది మధ్యాహ్నం వంతు. మిరెలిస్‌ది పొద్దుటిది. మార్చుకుంటే ఒంటిగంటకి వెళ్ళిపోవచ్చు."

"మార్పులు బుధవారంలోగా చెప్పాలి," అంది పెద్దమ్మ. మళ్ళీ కాగితం వైపు చూసి, "సరే, ఈ ఒక్కసారికి. అప్పటికీ రాకపోతే ఆ కుర్చీ, ఆ పని ఇంకొకరివి," అంది.

యోకాస్తా ఆ కాగితం ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఒప్పుకుందనుకున్నాను. పొద్దుటి వంతు టైము చెప్పి రమ్మని మర్నాడు పెద్దమ్మ నన్ను ఆమె ఇంటికి పంపింది.

తలుపు సగమే తీసింది యోకాస్తా. వెనక మంచం మీద సర్దుతున్న సంచి కనిపించింది.

"పెద్దమ్మ రేపు ఏడింటికి రమ్మంది అక్కా. ఒంటిగంటకి పంపేస్తుంది."

"మా ఊరు కొండమీద పిల్లా. ఒంటిగంటకి బస్సెక్కితే చేరేసరికి చీకటి పడుతుంది. ఆఖరి ప్రార్థన అయిపోయి, బల్ల మీంచి అమ్మ పటం, పూలు తీసేసి ఉంటారు. ఖాళీ బల్లకి దణ్ణం పెట్టనా?"

"అంత దూరమని నాకు తెలియదక్కా."

"అక్కడ మా అమ్మకి ప్రార్థన జరుగుతుంటే, ఇక్కడ పండక్కి ఎవరెవరి అమ్మలకో నేను జుట్టు చుడుతుండాలా?"

ఆమె తలుపు ఇంకాస్త దగ్గరికి లాగింది.

"ఆ మార్పు ఎవరు చెప్పారు? నువ్వేగా?"

"నీ కుర్చీ పోకూడదని అక్కా."

"నువ్వు ఆ మాట అనకపోతే తనే ఆలోచించుకుని ఒప్పుకునేదేమో. ఇప్పుడు నా కోసం వంతు మార్చినా రాలేదని ఊరంతా చెబుతుంది." ఆమె గొంతు పెంచలేదు. "కుర్చీ ఎవరికైనా ఇచ్చుకోమను."

తలుపు వేసేసింది.