బొటనవేలి కింద ‘అంతేకాకుండా’

మా అక్క కూతురు రాసుకొచ్చిన వ్యాసం మొదటి పేజీ చదివేసరికే నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఒక వారపత్రికలో డెస్కు మీద పనిచేస్తాను. ఊళ్లోవాళ్ల వాక్యాలు సరిచేయడమే నా బతుకు. అందుకే ఇంట్లో నన్ను కత్తెర అంటారు. ఆ పిల్ల కూడా అందరి ముందూ ‘కత్తెర పిన్ని’ అనే పిలుస్తుంది, సిగ్గులేకుండా.

పిల్లకు వినికిడి పరీక్షలు చేసి చెవి మిషన్లు అమర్చే కోర్సులో సీటు కావాలి. మార్కులు సరిపోయాయి. ఇక మిగిలింది ‘ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు’ అనే వ్యాసం. కింద తండ్రి చదివినట్టు సంతకం పెట్టాలి. కిందటేడు ఈ వ్యాసం దగ్గరే సీటు పోయింది. ఈసారీ పోతే ఇంకో కోర్సు చూసుకోమని మా అక్క తేల్చి చెప్పేసింది.

నా బల్ల మీద ఉన్న కాగితంలో ఇలా ఉంది: ‘మా నాన్నగారు రేకులు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. అంతేకాకుండా వారికి వినికిడి తగ్గింది. అదేవిధంగా మా ఇంట్లో టీవీ శబ్దం ఎక్కువ. మరోవైపు నాకు సైన్సు అంటే ఎంతో ఇష్టం. ముగింపుగా, నాకు సీటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.’

‘‘అంతేకాకుండా ఏంటే? మీ నాన్నకి ఉద్యోగం ఇచ్చి, పైన బోనస్‌గా చెవుడు కూడా ఇచ్చారా?’’ అన్నాను.

పిల్ల మొహం ముడుచుకుంది. కోచింగ్ సెంటర్ మాస్టారు అలాగే రాయమన్నారట. ఆయన క్లాసు గోడ మీద ఇలాంటి మాటలన్నీ పెద్దక్షరాలతో అంటించి ఉంటాయట. ప్రతి పేరా వాటిలో ఒకదానితో మొదలవ్వాలట, లేకపోతే వ్యాసం కిందకి జారిపోతుందట. జారిపోవడానికి అదేమన్నా లుంగీనా అని నాకు నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

అవన్నీ తీసేసి మళ్లీ రాసి తెమ్మన్నాను. అరగంట మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని తెచ్చింది. చూస్తే ‘అంతేకాకుండా’ పోయి ‘పైపెచ్చు’ వచ్చింది, ‘అదేవిధంగా’ పోయి ‘అదీగాక’ వచ్చింది. చొక్కా మార్చుకున్నంత మాత్రాన మనిషి మారతాడా? తల పట్టుకున్నాను.

కుర్చీ పక్కకు లాగి కూర్చోబెట్టాను. ఆ మాట మీద బొటనవేలు పెట్టి మూసేయమన్నాను. ఇప్పుడు పై వాక్యమూ కింది వాక్యమూ చదివి, రెండోది మొదటిదానికి ఏమవుతుందో చెప్పమన్నాను. కారణమా, ఫలితమా, ఉదాహరణా, అడ్డం తిరగడమా? అది తెలిస్తే ముడి దానంతటదే పడుతుంది. ఒక్కోసారి పై వాక్యంలోని మాటనే అందుకుంటే చాలు. ఒక్కోసారి ఏమీ అక్కర్లేదు, రెండూ పక్కపక్కన నిలబడితే చదివేవాడే కలుపుకుంటాడు.

పిల్ల వేలు పెట్టి కాసేపు పెదాలు కదిపింది. తర్వాత రాసింది: ‘మా నాన్న రేకులు కోసే మిషను దగ్గర పనిచేస్తారు. ఆ చప్పుడుకే ఆయన చెవులు మెల్లగా మొద్దుబారాయి. మా ఇంట్లో టీవీ వీధి చివరికి వినపడేది అందుకే.’

నాకు ముచ్చటేసింది. చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

‘మరోవైపు నాకు సైన్సు అంటే ఇష్టం’ దగ్గరికి వచ్చేసరికి పిల్ల వేలు ఆగిపోయింది. వేలు కింద ఏమీ లేదు. నాన్న చెవుడు ఇటు, సైన్సు అటు. మధ్యలో నీళ్లు లేని కాలవ. ఈ రెంటికీ సంబంధం ఏంటని అడిగాను. చెవులు పాడైనవాళ్ల పిల్లలందరూ ఈ కోర్సుకి రావట్లేదు కదా, నువ్వెందుకు వస్తున్నావని మళ్లీ అడిగాను.

పిల్ల కాగితం మీద నుంచి వేలు తీసేసింది. ‘‘నేను ఏదన్నా చెప్తే నాన్న ‘ఏంటమ్మా’ అంటారు పిన్నీ. మళ్లీ చెప్తే మళ్లీ ‘ఏంటమ్మా’ అంటారు. మూడోసారి ‘ఏం లేదులే’ అనేస్తాను. చాన్నాళ్లు అలాగే అన్నాను. తర్వాత ఆయన అడగడం మానేశారు.’’

అదే రాయమన్నాను. నాన్న చదివి సంతకం పెట్టాలి కదా, చచ్చినా రాయను అంది. రాయకపోతే ఈ వ్యాసంలో ప్రాణం లేదని నాకు తెలుసు, దానికీ తెలుసు. ఏడుస్తూనే రాసింది. ఆ పేరా ‘నేను ఏం లేదులే అనకుండా ఉండాలంటే ఆయనకి వినపడాలి’ అనే వాక్యంతో ముగిసింది. సైన్సు మాట దాని వెనకే, ఏ తాడూ లేకుండా, నడుచుకుంటూ వచ్చేసింది.

మర్నాడు మాస్టారు దాన్ని దిద్ది పంపారు. ఎర్ర సిరాతో ‘అంతేకాకుండా నేను మా నాన్నతో మాట్లాడటం తగ్గించాను’ అని ఉంది. సరాసరి కోచింగ్ సెంటర్‌కి వెళ్లాను.

ఆయన మంచివాడే పాపం, బక్కగా, చేతి నిండా సుద్దపొడితో ఉన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కట్టలు కట్టలు చదవాలని, కళ్లకి ఆనేది ఈ మాటలేనని, వాటిని పట్టుకునే ముందుకెళ్తామని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. మూడు కారణాలు వరసగా చెప్పాల్సిన చోట వాటికీ పని ఉంటుందని నేనూ ఒప్పుకున్నాను. ప్రతి పేరా నెత్తినా పెట్టడం దేనికని అడిగాను. ఇంట్లో ఆవిడతో ‘అంతేకాకుండా కూర మాడింది’ అంటారా మాస్టారూ అన్నాను.

‘‘మా ఇంట్లో నాకు రెండో వాక్యం దాకా అవకాశం రాదమ్మా,’’ అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత కాగితం అందుకుని, ఆ పేరా మీద తన బొటనవేలు పెట్టి చదివాడు. ఎర్ర సిరా మాటలు తనే కొట్టేశాడు. గోడ మీద అట్టలు మాత్రం తీయనన్నాడు. అతికించడానికి బోలెడు జిగురు అయిందట.

సాయంత్రం పిల్లా నేనూ అక్క వాళ్లింటికి వెళ్లి బావ చేతికి వ్యాసం ఇచ్చాం. బావకి ఏదైనా పైకి చదవడం అలవాటు, తన గొంతు తనకే వినపడదు కాబట్టి మరీ గట్టిగా చదువుతాడు. మిషను, చప్పుడు, టీవీ దాకా నవ్వుతూ చదివాడు. తర్వాత పేరా దగ్గర ఆయన గొంతు ఆగింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పిల్ల నా చేతిని ఉడుంలా పట్టుకుంది. అనవసరంగా రాయించానా అనిపించింది నాకు.

చదవడం అయ్యాక బావ సంతకం పెట్టలేదు. పెన్ను పక్కన పెట్టి కూతురి వైపు చూశాడు.

‘‘ఏం లేదులే అన్నావే,’’ అన్నాడు. ‘‘అప్పుడల్లా ఏం చెప్పబోయావు?’’

పిల్ల బిక్కమొహం వేసింది. చాలా ఉన్నాయి నాన్నా, ఇప్పుడన్నీ గుర్తులేవు అంది. ఆయనకి వినపడలేదు. ‘‘ఏంటమ్మా?’’ అన్నాడు.

అది లేచి వెళ్లి, ఆయన కుడి చెవి కాస్త నయం కాబట్టి, కుడి పక్కన కూర్చుంది. ఒకరోజు క్లాసులో మాస్టారు కుర్చీ విరిగి కింద పడ్డా పాఠం ఆపని సంగతి చెప్పింది. ఆయన ‘‘ఏంటమ్మా?’’ అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ ‘‘ఏంటమ్మా?’’ అన్నాడు. పిల్ల గొంతు పెంచి, చేతులు తిప్పుతూ, మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టింది.