పరదేశి పేరున వచ్చిన బిల్లులు

అనకాపల్లి సేల్స్ టాక్స్ ఆఫీసరు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఎదుట నిలబడ్డ రాజ్యానికి ఇంత భయం వేసేది కాదేమో. ఆయన మూడు బిల్లులు బల్ల మీద పక్కపక్కన పెట్టి, గాలికి ఎగరకుండా వాటి మీద చెయ్యి ఉంచి, నెమ్మదిగా అడిగాడు.

"పరదేశి అంటే ఎవరమ్మా?"

"మా ఇంటాయనండి."

"ఆయన రాలేదేం?"

"పోయేరండి. కార్తీకమాసంలో. విషజ్వరం వచ్చి."

ఆఫీసరు ఒక బిల్లు ఆమె వైపు తిప్పాడు. "ఇది మార్చి నెలది. పోయిన మనిషి మార్చిలో విశాఖపట్నం నుంచి ఇనుము ఎలా కొన్నాడు?"

చోడవరం మెయిన్ రోడ్డు మీద వాళ్లది చిన్న ఇనుప కొట్టు. బండిచక్రాలకు తొడిగే పట్టాలు, నాగలి కర్రులు, బెల్లం పెనాలకు రేకులు అమ్ముతారు. భర్త పోయాక కొట్టు మూసెయ్యలేక తనే కూర్చుంది. పాత సేల్స్ టాక్స్ రిజిస్ట్రేషను భర్తతోనే పోయిందని, కొత్తది తన పేర తీసుకోవాలని ప్లీడరు గుమస్తా గణపతిరావు చెబితే ఆ పనీ చేయించుకుంది. సర్టిఫికెట్టు అద్దం కట్టించి కొట్లో గోడకు తగిలించింది కూడా.

"చూడమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఇనుము మీద పన్ను ఒక్కసారే. మన రాష్ట్రంలో మొదట అమ్మినవాడు కడతాడు. అతని దగ్గర కొని అమ్మినవాళ్లు మళ్లీ కట్టక్కర్లేదు. కానీ కొన్నది నువ్వేనని కాగితం చెప్పాలి కదా. ఈ బిల్లుల మీద ఉన్నది నీ పేరు కాదు, నీ నంబరూ కాదు. రద్దయిపోయిన నంబరు వేశారు. అప్పుడు నీ కొట్లో అమ్ముడైన ఇనుము ఎక్కడిదని రాసుకోను? మొదట అమ్మింది నువ్వేనని పన్ను వెయ్యాల్సొస్తుంది. ఆపైన జరిమానా."

"నాకు తెలీదు బాబూ. ఆళ్లు అలాగ రాసీసేరు."

"మరి వాళ్లనే అడిగి సరిచేసిన బిల్లులు తీసుకురా. సోమవారం దాకా చూస్తాను. నువ్వు మాత్రం వీటి మీద కలం పెట్టకు. ఒక్క అక్షరం దిద్దినా అది వేరే కేసవుతుంది."

ఆయన బిల్లులు తిరిగి ఇచ్చేశాడు. వాటిని పమిట కొంగులో చుట్టుకుని రాజ్యం బయటికి వచ్చింది. మెట్ల మీద కూర్చున్న అత్తగారు పైడితల్లి లేచి నిలబడింది.

"ఏటన్నాడే?"

"పట్నం ఎల్లాలత్తా. నచ్చింనర్సింగారి కొట్టుకి."

ఆఫీసరుకు చెప్పని సంగతి ఒకటి ఉంది. విశాఖపట్నంలో ఇనుము టోకున అమ్మే లక్ష్మీనరసింహానికి పరదేశి పోయాడని తెలియదు. ఆమే తెలియనివ్వలేదు. అమ్మినవాళ్లకు కబురు చెయ్యమని, కొత్త నంబరు రాసి పంపమని గణపతిరావు చెప్పాడు. ఆమె సరేనంది గానీ పంపలేదు. ఆ షావుకారు పరదేశి మొహం చూసి అరువిస్తున్నాడు. మనిషే లేడంటే సరుకు ఆపేస్తాడు. ఉన్న బాకీ ఒక్కసారిగా కట్టమంటాడు. అందుకని ఆర్డర్లు తనే రాసి, కింద సంతకం పెట్టకుండా, పరదేశి పేరున్న రబ్బరు స్టాంపు కొట్టి పంపుతూ వచ్చింది. స్టాంపు చూసిన షావుకారు గుమస్తా పాత పేరు, పాత నంబరు వేసి బిల్లు రాస్తూ వచ్చాడు. తప్పు వాళ్ల కలంలో లేదు.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్లు బస్సెక్కి, అనకాపల్లిలో రైలు పట్టుకున్నారు. పెట్టెలో ఎవరు తన వైపు చూసినా రాజ్యానికి ఒడిలో ఉన్న సంచీనే చూస్తున్నట్టు అనిపించింది. ఏమని మొదలుపెట్టాలో మనసులో కూడబలుక్కుంటోంది. ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి ఆయన పోయాడన్న చోటికే వస్తోంది.

"నిజం సెప్పీ," అంది పైడితల్లి, ఆమె అడక్కుండానే. "ఇంక దాసిపెట్టి ఏటి సేస్తాం."

లక్ష్మీనరసింహం కొట్టు ముందు ఇనుప చువ్వలు దింపుతున్నారు. ఆ మోతకు రాజ్యం ఉలిక్కిపడుతూ లోపలికి వెళ్లింది. షావుకారు పెద్దవాడు, బక్కపలచగా ఉన్నాడు. పక్కనే గుమస్తా బల్ల మీదికి వంగి రాసుకుంటున్నాడు.

"చోడవరం నుంచి వచ్చేనండి. పరదేశిగారి ఇంటిదాన్ని."

షావుకారు మొహం విప్పారింది. "రా అమ్మా, కూర్చో. పరదేశి రాలేదేం? ఈమధ్య ఉత్తరాలే గానీ మనిషి కనపడ్డం లేదు."

రాజ్యం కూర్చోలేదు. రైల్లో కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆయన లేరండి," అంది. "కార్తీకంలో పోయేరు."

ఆయన కాసేపు ఆమెనూ, వెనక నిలబడ్డ ముసలమ్మనూ మార్చి మార్చి చూశాడు. గుమస్తా రాయడం ఆపేశాడు.

"కార్తీకంలోనా," అన్నాడు చివరికి. "పెళ్లి కాకముందు మా కొట్లోనే పని నేర్చుకున్నాడు వాడు. నాకు కబురైనా చెయ్యలేదే." అలా అంటుండగానే ఆయన కళ్లలో ఇంకో ఆలోచన కదిలింది. "మరి ఆ ఉత్తరాలు ఎవరు రాసేరు?"

"నేనేనండి."

"స్టాంపు?"

"నేనే కొట్టేనండి. తెలిస్తే సరుకు ఆపెస్తారని బయపడ్డాను."

"ఆపేసేవాణ్ణే," అన్నాడు ఆయన.

రాజ్యం సంచీలోంచి బిల్లులు తీసి ఆయనకు చూపించింది. ఆఫీసరు అన్నది పొల్లు పోకుండా చెప్పింది. వింటున్నకొద్దీ షావుకారు మొహం మారిపోయింది. ఆయన భయం ఆయనకు పట్టుకుంది.

"నా లెక్కల్లోనూ ఆ పేరే ఉంది గదా. చచ్చిపోయినవాడికి, రద్దయిన నంబరుకి అమ్మినట్టు రిటర్నులు పంపించేశాను. ఇప్పుడు పేరు మారిస్తే మా ఆఫీసరు నన్ను దొంగ అంటాడు. నా వల్ల కాదమ్మా. వెళ్లండి."

రాజ్యం కదల్లేదు. ధైర్యం వచ్చి కాదు. సోమవారం, ఆఫీసరు చెయ్యి, కొట్టుకు తాళం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. "అయితే మా కొట్టు పోతాది బాబూ," అంది. అంతకన్న ఆమెకు ఇంకేమీ తోచలేదు.

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, సరుకు మారలేదు. ధర మారలేదు. మనం కట్టిన పన్నూ అదే. తేడా అల్లా పేరూ, నంబరూను. పాత బిల్లులు ఆమె వెనక్కి ఇచ్చేస్తే, మన కార్బను కాపీలతో కలిపి రద్దని రాసి పుస్తకంలోనే ఉంచుదాం. కొత్తవి రాసి, ఫలానా బిల్లుకు బదులని వాటి మీద వేద్దాం. మన ఆఫీసుకి కూడా ఒక ఉత్తరం పెట్టేద్దాం. దాచితేనే గదా తప్పు."

షావుకారు చెయ్యి చాపాడు. "సర్టిఫికెట్టు తెచ్చేవా?"

గోడకున్న అద్దాన్ని అలాగే గుడ్డలో చుట్టి తెచ్చింది రాజ్యం. గుమస్తా ఒక్కో అంకే పైకి చదువుతూ నంబరు దింపుకున్నాడు. తరవాత ఆమె పట్టుకున్న పాత బిల్లుల కోసం చెయ్యి చాపాడు. ఆమె వేళ్లు వదల్లేదు. ఉన్న రుజువు ఇవే. ఇవి ఇచ్చేశాక షావుకారు మనసు మారితే చేతిలో ఏమీ మిగలదు.

"ఇచ్చీవే," అంది పైడితల్లి నెమ్మదిగా. "నా కొడుకు పనిసేసిన కొట్టిది."

రాజ్యం ఇచ్చింది. గుమస్తా ఎర్ర సిరాలో కలం ముంచి మొదటి బిల్లు మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత లాగాడు. పైడితల్లి ముందుకు వంగింది. ఆమెకు చదువు రాదు. కానీ కొట్టు బోర్డు మీద రోజూ చూసి చూసి కొడుకు పేరు రూపు మాత్రం తెలుసు. గీత దాని మీదుగానే పోయింది.

"మా గుంటడి పేరు గదా అది," అంది. "కొట్టీసేరా?"

రెండో బిల్లు మీదికి వచ్చిన కలం ఆగిపోయింది. రాజ్యం అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"కొట్టనీయత్తా. కొట్టకపోతే మనకి కూడుండదు."

ముసలమ్మ తల తిప్పుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది. కలం మళ్లీ కదిలింది.

కొత్త బిల్లుల మీద ఆవేళ్టి తేదీ వెయ్యడం చూసి రాజ్యం అడ్డుపడింది. "బాబూ, పాత తేదీలే వేసీండి. మేనెల్లో రాసిన బిల్లులంటే ఆయన ఒప్పుకోడేమో."

"అది మాత్రం అడక్కు," అన్నాడు షావుకారు. "రాసింది ఇవాళ. నిన్నటి తేదీ వేస్తే నేనూ నువ్వూ ఇద్దరం చిక్కుకుంటాం. పాత బిల్లు నంబరు, తేదీ పక్కనే రాస్తున్నాడు చూడు. ఎందుకు మార్చామో వేరే ఉత్తరం రాసి సంతకం పెడతాను. ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు. లేకపోతే నేను చెయ్యగలిగింది లేదు."

లేవబోతుంటే ఆయన ఇంకో మాట అన్నాడు. "పాత బాకీ నెమ్మదిగా తీర్చు. కొత్త సరుకు అరువివ్వను. ఆర్డరు నీ పేరున, నీ సంతకంతో రావాలి. ఆ స్టాంపు ఇంకెప్పుడూ కొట్టకు."

సోమవారం దాకా రాజ్యానికి అన్నం సహించలేదు. ఆ రోజు అనకాపల్లి ఆఫీసులో పిలుపు కోసం కూర్చున్నంతసేపూ కొత్త బిల్లుల మీది తేదీ తప్ప ఆమెకు మరేమీ కనపడలేదు.

ఆఫీసరు కూడా ముందుగా తేదీనే చూశాడు. "ఇవి మొన్న రాసినవి," అన్నాడు.

"అవునండి."

"పాత తేదీ వెయ్యమని అడగలేదా?"

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. "అడిగేనండి," అంది. "ఆయన వెయ్యనన్నాడు."

ఆఫీసరు ఆమె మొహంలోకి ఒకసారి చూసి ఉత్తరం విప్పాడు. మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చాడు. బిల్లుల మీది నంబరును తన రిజిస్టరులో సరిపోల్చాడు. "ఇప్పటికి వీటిని తీసుకుంటాను. అక్కడి ఆఫీసుకు రాసి కనుక్కుంటాను. పన్ను కట్టినట్టు వాళ్లు చెబితే సరే. లేకపోతే మళ్లీ పిలుస్తాను."

"ఎప్పుడు పిలుస్తారు బాబూ?"

"జవాబొచ్చినప్పుడు."

ఆ జవాబు కోసం ఆమె ఆషాఢం దాకా భయపడుతూ బతికింది. ఖాకీ సంచీ తగిలించుకుని పోస్టుమాను వీధి మలుపు తిరిగితే చాలు, తూకంలో రాళ్లు మరిచిపోయేది. చివరికి ఒక కార్డు వచ్చింది. విశాఖపట్నంలో పన్ను కట్టినట్టు తేలిందని, ఆ సరుకు మీద ఆమె కట్టాల్సింది లేదని అందులో ఉంది. దాన్ని అత్తగారికి గట్టిగా చదివి వినిపించింది. పైడితల్లి విని, ఇంకోసారి చదవమంది.

తన పేరున పెట్టిన మొదటి ఆర్డరు చిన్నది. చేతిలో ఉన్నంతకే తెప్పించింది. బండి కొట్టు ముందు ఆగి, బండివాడు పట్టాలు దింపబోతుంటే ఆపింది.

"ఉండు బాబూ. ముందు బిల్లు ఇలాగ తే."

పేరు చూసింది. ఊరు చూసింది. లోపలికి వెళ్లి గోడకున్న అద్దం పక్కన బిల్లు పెట్టి, నంబరు ఒక్కో అంకే వేలితో సరిచూసుకుంది. సరిపోయింది. నమ్మకం కుదరక చివరి నుంచి మొదటికి కూడా చూసింది. అప్పుడు గుమ్మంలోకి వచ్చి, "దింపీ," అంది.