గోడలోని ఇత్తడి వాల్వు

మా శ్రుతి గొంతు దిగి చుక్క నీళ్లు పోవు. కడుపుకు గొట్టం పెట్టారు, అందులోంచే పాలు, జావ. ఆరో తరగతి పిల్ల, దాహమేస్తే తడిగుడ్డ పెదాలకద్దుకుని ఊరుకుంటుంది. మళ్లీ మింగగలదా అని కర్నూలు డాక్టరును అడిగితే, చూద్దామమ్మా అంటాడే తప్ప ఇంకో మాట అనడు. ఇదంతా మా ఆయన ఫోనులో పెట్టిన ఒక ఫోటోతో మొదలైంది. ఆ ఫోటో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

గద్వాలలో మేం కొన్నది సగం ఇల్లు. చేనేత అన్నదమ్ములిద్దరిది. పెద్దాయన తన సగం మాకు అమ్మి వెళ్లిపోయాడు. చిన్నాయన బాలకిష్టయ్య, ఆయన భార్య కళావతక్క గోడకు అవతల ఉంటారు. మగ్గాలకు కావలసిన నూలుకు రంగులద్దడం వాళ్ల పని. ఇంటి మొత్తానికీ ఒకటే నల్లా కనెక్షన్, అది మా వైపు నుంచే లోపలికొస్తుంది.

వంటగదికి టైల్స్ వేయిద్దామని పాత గచ్చు కొట్టిస్తే గోడలో ఈ ఇత్తడి ముద్ద బయటపడింది. పిడికిలంత ఉంది. తిప్పడానికి చక్రం లేదు, పిడి లేదు, పైన ఆరు పలకల బిళ్ల ఒకటి బిగించి ఉంది. గోడ మట్టానికి అంగుళం ముందుకు పొడుచుకొచ్చింది. అది ఉంటే టైలు కూర్చోదన్నాడు మేస్త్రీ.

మా ఆయన శివశంకర్ వనపర్తిలో ఆఫీసు పని చేస్తాడు. బస్సులో కూర్చుని 'మన ఇల్లు మన రిపేర్లు' అనే గ్రూపు చదవడం ఆయనకు పిచ్చి. ఫోటో తీసి పెట్టాడు. "పాత ఇల్లు రిపేరు చేపిస్తున్న. గోడల ఇది దొరికింది. ఇది ఏ టైపు వాల్వు? తీసేయొచ్చా?"

పది నిమిషాల్లో జనం ఎగబడ్డారు. ఒకడు లంకెబిందె మూత అన్నాడు. ఇంకొకడు గేట్ వాల్వు, చక్రం ఊడిపోయిందన్నాడు. నాగర్‌కర్నూల్ నుంచి శ్రవణ్ కుమార్ అనే అతను మాత్రం నీళ్లు చల్లి గచ్చు తుడిచి ఇంకో ఫోటో పెట్టమన్నాడు. తుడిచింది నేనే. పక్కన బాణం గుర్తు తేలింది, గోడ అవతలికి చూస్తూ.

"అది ఎన్నార్వీ అన్నా," అని రాశాడు శ్రవణ్ కుమార్. "లోపల రేకు తలుపు లెక్క ఉంటది. నీళ్లు బాణం దిక్కు పోతయి, ఎనక్కి రావు. మోటరు ఉందా మీకు?"

"లేదు. ఆ పైపు పక్కింటోళ్లకు పోతది."

"మోటరు లేకుంటే దాంతోని పనేంది? తీసి సీదా పైపు ఏస్కోండ్రి. వాళ్లకే ధార పెరుగుతది."

ఆ మాటకు నూటికి పైగా లైకులు. మా ఆయన మొహం వెలిగిపోయింది. పేరు సరిగ్గానే చెప్పారు, కాదనను. ఆ రేకు తలుపు ఏ నీళ్లను ఆపుతున్నదో మాత్రం ఒక్కడూ అడగలేదు.

"కళావతక్కను ఒక మాట అడుగుదమా?" అన్నాను.

"ఆమెనా? దుమ్ము పడ్డదని వీధిల నిలబెట్టి తిట్టిన ముచ్చట మర్సినవా? మనం వాళ్ల నీళ్లు బంద్ పెడ్తలేం కద!"

నిజమే, మా గచ్చు దుమ్ము వాళ్లు ఆరేసిన నూలు మీద పడి, రంగంతా పాడైతే ఆమె తిట్టింది. నేనూ తక్కువ తినలేదు, ఎదురు తిట్టాను. అప్పటినుంచి మాటల్లేవు. రెండడుగుల దూరంలో ఉన్న మనిషిని అడగడానికి మాకు నామోషీ, ముక్కూమొహం తెలియని వాళ్లను అడగడానికి లేదు.

ప్లంబర్ ప్రవీణ్ వచ్చి, "మీరు చెప్పినట్టే చేస్త సార్," అని ఇత్తడి ముద్ద కోసేసి, పెరట్లో గచ్చు పెళ్లల కుప్పలో పారేసి, సీదా ప్లాస్టిక్ పైపు అతికించాడు. టైల్స్ పడ్డాయి. గోడ అద్దంలా ఉందని మా ఆయన ఫోటో పెట్టి, "థ్యాంక్స్ బ్రదర్స్, పని అయిపోయింది" అని రాశాడు.

ఎండాకాలం నల్లా సన్నగిల్లింది. వీధిలో అందరూ పెట్టినట్టే మేమూ నల్లాకు మోటరు పెట్టాం. మోటరు మాట వచ్చినా గోడలో పీకేసిన ముద్ద మాకెవరికీ గుర్తు రాలేదు.

ఆ ఆదివారం వీధి నల్లా వచ్చిన కాసేపటికే ఆగిపోయింది. మా మోటరు మాత్రం ఆడుతూనే ఉంది, ధార వస్తూనే ఉంది. తాడాట ఆడి వచ్చిన శ్రుతి మోటరు పైపు కింద గ్లాసు పట్టింది. నీళ్లు తేటగా ఉన్నాయి. గటగటా రెండు గుటకలు మింగింది.

ఆ కేక నేను చచ్చేదాకా మరిచిపోను.

గ్లాసు కింద పడింది. పిల్ల గొంతు పట్టుకుని నేల మీద దొర్లింది, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఏం తాగింది, ఏమైంది, మాకేం తెలుసు? మా ఆయన ఉప్పునీళ్లు కలపడానికి ఉరికాడు, కక్కిద్దామని.

అదే క్షణంలో అవతల కళావతక్క మొగుడి మీద అరుస్తోంది, "ఏమయ్యా, టబ్బుల నీళ్లేవి? ఎవలు పారబోసిండ్రు?" తర్వాత మా కేకలు విన్నది. ఏమర్థమైందో, చెప్పులు కూడా లేకుండా మా ఇంట్లోకి దూసుకొచ్చింది.

"కక్కియ్యకుండ్రి! సార్, ఆ గ్లాసు కింద పెట్టు! అవి కాస్టిక్ నీళ్లు. పోయేటప్పుడు కాల్చినయి, వచ్చేటప్పుడు మల్ల కాలుస్తయి. పిల్ల నోరు కడుగు ఉమా, ఉమ్మిపియ్యి. ఏమయ్యో, బండి తీయ్!"

నూలు ఉడకబెట్టడానికి వాళ్లు కాస్టిక్ సోడా పలుకులు టబ్బులో వేసి, నల్లా గొట్టం అడుగుదాకా ముంచి, నల్లా తిప్పే ఉంచుతారు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లో ఎవరైనా అంతే చేస్తారు. ఆ రోజు బయట లైను ఖాళీ అయితే మా మోటరు ఆ గొట్టం గుండా టబ్బునే పీల్చింది. ఇన్నేళ్లూ వెనక్కి రాకుండా ఆపింది ఆ ఇత్తడి ముద్ద.

వాళ్ల ఆటోలో కర్నూలు దాకా శ్రుతి కళావతక్క ఒళ్లోనే ఉంది.

దవాఖాన వరండాలో మా ఆయన నోరు విప్పాడు. "వాళ్ల మీద కేసు పెడ్త. గంత విషం నల్లాల ముంచి పెడ్తరా?"

ఆయన చేతిలోని ఫోను లాక్కుని గ్రూపు తెరిచాను. "పెట్టు. పెట్టేముందు 'ఆ పైపు పక్కింటోళ్లకు పోతది' అని నువ్వే రాసినవు చూడు, అది ఎస్సైకి సూపెట్టు. గోడ గూడ పగలగొట్టి సూపిస్త నేను."

ఆయన తల దించుకుని ఏడ్చాడు. ఓదార్చబుద్ధి కాలేదు. ఓదార్చలేదు.

నిన్న ఆ గ్రూపు తెరిచి జరిగింది రాశాను. కొందరు అయ్యో అన్నారు. శ్రవణ్ కుమార్ తన మాట తుడిపేసుకున్నాడు. కింద ఇంకొకాయన, "గోడ మస్తుగొచ్చింది, టైల్స్ యాడ కొన్నరు?" అని అడిగాడు.

ఫోను విసిరేసి సుత్తి పట్టుకుని వంటగదిలోకి పోయాను. నాలుగు దెబ్బలకు టైల్స్ రాలాయి. చప్పుడుకు కళావతక్క వచ్చింది. ఈసారి దుమ్మని తిట్టలేదు. పెరట్లో మా గచ్చు పెళ్లల కుప్ప వెతికి ఆ ఇత్తడి ముద్దను పట్టుకొచ్చింది. కొంగుతో తుడిచి బాణం దిక్కుగా ఊదింది, గాలి దూసుకుపోయింది. తిప్పి నా చేతిలో పెట్టింది.

"ఊదు ఉమా. మా మామ బిగించిండు, మా పెండ్లయిన కొత్తల. సూడు, ఏం చెడిపోలె."

మంచం మీంచి శ్రుతి చూస్తోంది. నేను నోట్లో పెట్టుకుని ఊదాను. ఊపిరంతా కూడదీసుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊదాను. చుక్క గాలి కూడా అవతలికి పోలేదు.