పెన్షన్ నాటి యూనిఫాం

నాన్న పోయాక అమ్మ మాట్లాడడం మానేసింది. ఏమడిగినా తల ఊపేది, అంతే. వారం తర్వాత నాన్న టైలరింగ్ దుకాణంలోనే అందరం కూర్చున్నాం. టీచర్ని కాబట్టి ఆయన గురించి నన్నే చెప్పమన్నారు. ఓర్పు, నిజాయితీ, పనితనం అని చెప్పుకుంటూ పోయాను. అన్నీ నిజాలే. అందరూ నేల చూస్తూ విన్నారు. అమ్మ కుట్టుమిషను వైపే చూస్తోంది.

పిన్ని ఊరుకోలేకపోయింది. "బావది నత్తనడక కదక్కా. పిల్లాడు బళ్ళో చేరేటప్పుడు యూనిఫాంకి కొలతలిస్తే, వాడి పెళ్ళినాటికి కుట్టిచ్చేవాడు" అంది.

ఎవరూ నవ్వలేదు.

"పెళ్ళినాటికి కాదే" అంది అమ్మ బొంగురు గొంతుతో. "పెన్షన్ నాటికి."

దుకాణమంతా నవ్వింది. పెళ్ళినాటికి అంటే ఆ ఆలస్యం ఇంకా నమ్మేలా ఉంది, అందుకే ఫిర్యాదులా వినిపించింది. పెన్షన్ అనగానే తెల్లజుట్టుతో వచ్చి నిక్కరు అందుకుంటున్న పెద్దమనిషి కళ్ళముందు నిలిచాడు. అంత పెద్ద అబద్ధంలో నాన్న మీద నింద మిగల్లేదు.

"అంటే, కుట్టు తనకే నచ్చకపోతే విప్పి మళ్ళీ కుట్టేవారు కాబట్టి..." అని నేను మొదలుపెట్టాను.

"విడమరిచి చెప్పకే తల్లీ, చప్పబడిపోతుంది" అంది అమ్మ. "ఆ మాట మొహం మీదే అంటే మీ నాన్న ఏమనేవారో తెలుసా? పెరిగే పిల్లాడు కదా, వదులుగానే కుడుతున్నాలే అనేవారు."